ఎవరు కదులుతారు, ఎవరు ఉండిపోతారు: కీటోన్ నుంచి ఎస్టర్, అమైడ్ నుంచి అమీన్

అసిటోఫినోన్‌ను పెరాక్సీ ఆమ్లంతో చర్య జరిపితే ఏమి వస్తుందని అడిగితే, జవాబు పత్రాల్లో ఎక్కువగా కనిపించే తప్పు మిథైల్ బెంజోయేట్. రాసినవారికి విషయం తెలియక కాదు. ఆక్సిజన్ వచ్చి కార్బొనైల్ పక్కన చేరుతుందని వారికి తెలుసు, వలస సామర్థ్యపు వరుస కూడా కంఠతా వచ్చు. ఫినైల్ ముందు, మిథైల్ చివర అని సరిగ్గానే చెబుతారు. కానీ బొమ్మ గీసేటప్పుడు గెలిచిన ఫినైల్‌ను కార్బొనైల్ దగ్గరే కూర్చోబెట్టి, ఓడిన మిథైల్‌ను ఆక్సిజన్‌కు తగిలిస్తారు. గెలవడమంటే ఇల్లు దక్కించుకోవడం అనుకుంటారేమో. ఇక్కడ గెలిచినవాడే ఇల్లు విడిచి వెళ్తాడు. సరైన జవాబు ఫినైల్ అసిటేట్.

ఈ ఒక్క పొరపాటును సరిదిద్దుకుంటే సగం పని అయినట్టే. మిగతా సగం, వలస వరుసను ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలుసుకోవడం. కీటోన్‌ను ఎస్టర్‌గా మార్చే బేయర్–విల్లిగర్ చర్యలో వరుస కావాలి. అమైడ్‌ను అమీన్‌గా మార్చే హాఫ్‌మన్ చర్యలో దాని అవసరమే లేదు. రెండింటినీ ఒక్కో అడుగు వేసుకుంటూ చూద్దాం.

మొదటి అడుగు: వలసకు ఎంతమంది సిద్ధంగా ఉన్నారో లెక్కపెట్టండి

కార్బొనైల్ కార్బన్ మీద వేలు పెట్టండి. దానికి కార్బన్ బంధంతో ఎన్ని సమూహాలు తగిలి ఉన్నాయి? కీటోన్‌కు రెండు వైపులా ఒక్కొక్కటి ఉంటాయి, కాబట్టి పోటీ ఉంది. అమైడ్‌కు ఒక వైపే కార్బన్ సమూహం, రెండో వైపు నైట్రోజన్. ఆ నైట్రోజనే వలస వెళ్లాల్సిన చోటు. ఒక్కరే అభ్యర్థి ఉన్నచోట ఎన్నిక ఉండదు.

ఈ లెక్క చూడటానికి చిన్నదే. కానీ హాఫ్‌మన్ ప్రశ్నలో ‘ఫినైల్ వెళ్తుందా, మిథైల్ వెళ్తుందా’ అని తలపట్టుకునేవారిని చాలామందిని చూశాను. కాగితం మీద అడుగు వేసే ముందు ఈ లెక్క చేస్తే ఆ తికమక రాదు.

రెండో అడుగు: వెళ్లే చోటును సిద్ధం చేయండి

ఏ సమూహమూ ఊరికే కదలదు. పక్క పరమాణువు మీద తేలికగా ఊడిపోయే ముక్క ఒకటి ఉండాలి. కీటోన్ విషయంలో ఆ ఏర్పాటు చేసేది పెరాక్సీ ఆమ్లం. దాని చివరి ఆక్సిజన్ కార్బొనైల్ కార్బన్‌కు తగులుకుంటుంది. అప్పుడు ఆ కార్బన్ మీద నాలుగు చేరతాయి: రెండు పాత సమూహాలు, ఒక OH, ఒక O–O–COAr. దీన్నే క్రీగీ మధ్యస్థం అంటారు. O–O బంధం బలహీనం. అది తెగి కార్బాక్సిలేట్ వెళ్లిపోతున్న క్షణంలోనే, ఒక సమూహం తన ఎలక్ట్రాన్ జంటను మూట కట్టుకుని కార్బన్ మీద నుంచి ఆక్సిజన్ మీదకు జరుగుతుంది. ముందు తెగడం, తర్వాత జరగడం అని రెండు దశలుగా గీయకండి. రెండూ ఒకే కదలిక.

పాత కార్బొనైల్ ఆక్సిజన్ ఎక్కడికి పోతుందన్న సందేహం సహజం. 1953లో డోరింగ్, డోర్ఫ్‌మన్ బెంజోఫినోన్‌లోని కార్బొనైల్ ఆక్సిజన్‌ను ¹⁸Oతో గుర్తుపెట్టి ఈ చర్య జరిపారు. గుర్తున్న ఆక్సిజన్ ఎస్టర్‌లోనూ C=O లోనే కనిపించింది. అంటే పాతది ఉన్నచోటే ఉంటుంది, కార్బన్‌కూ వలస వెళ్లిన సమూహానికీ మధ్య దూరేది పెరాక్సీ ఆమ్లం తెచ్చిన కొత్త ఆక్సిజన్.

మూడో అడుగు: ఎవరు వెళ్తారో తేల్చండి

కదులుతున్న సమూహం ఆ దారి మధ్యలో కొంత ధనావేశాన్ని మోయాలి. మోయగలిగినది ముందు వెళ్తుంది. వరుస మొత్తం వెనక ఉన్న కారణం ఇదే. దీన్ని పట్టుకుంటే వరుసను బట్టీ పట్టనక్కరలేదు:

హైడ్రోజన్ > తృతీయ ఆల్కైల్ > ద్వితీయ ఆల్కైల్, బెంజైల్, ఫినైల్ > ప్రాథమిక ఆల్కైల్ > మిథైల్

తృతీయ కార్బన్ చుట్టూ మూడు ఆల్కైల్‌లు ఆసరాగా ఉంటాయి కాబట్టి ఆవేశం భరిస్తుంది. మిథైల్‌కు ఆసరా ఎవరూ లేరు, అందుకే ఎప్పుడూ చివర. మిథైల్ కీటోన్ ఇచ్చి ఉత్పన్నం అడిగితే, కళ్లు మూసుకుని అసిటేట్ అని రాయవచ్చు. పినకొలోన్ నుంచి టెర్షియరీ బ్యూటైల్ అసిటేట్, సైక్లోహెక్సైల్ మిథైల్ కీటోన్ నుంచి సైక్లోహెక్సైల్ అసిటేట్ వచ్చేది ఇందుకే.

రెండు వైపులా ఫినైల్ వలయాలే ఉంటే వాటి మీద ఉన్న ప్రతిక్షేపకాన్ని చూడండి. పారా స్థానంలో మీథాక్సీ ఉంటే వలయానికి ఎలక్ట్రాన్లు నిండుగా ఉంటాయి, అదే వెళ్తుంది. నైట్రో ఉంటే వలయం బీదపడుతుంది, ఉండిపోతుంది. పారా-నైట్రోబెంజోఫినోన్‌లో కదిలేది నైట్రో లేని వలయం, వచ్చేది ఫినైల్ పారా-నైట్రోబెంజోయేట్.

ఒక హెచ్చరిక. వరుస మధ్యలో ఉన్న ద్వితీయ ఆల్కైల్‌కూ ఫినైల్‌కూ తేడా పెద్దది కాదు. ఐసోప్రొపైల్ ఫినైల్ కీటోన్ లాంటిది ఎదురైతే ఒకే ఉత్పన్నం వస్తుందని ధీమాగా రాయకండి, మిశ్రమం వస్తుంది. ఇంకొక పరిమితి కూడా ఉంది. వలస వెళ్లే బంధం, తెగే O–O బంధానికి సరిగ్గా వెనక దిశలో అమరాలి. తెరిచి ఉన్న గొలుసుల్లో బంధాలు తిరుగుతాయి కాబట్టి ఈ అమరిక కష్టం కాదు. వంతెనలున్న బిగుతైన వలయాల్లో అలా తిరగడానికి వీలుండదు, అక్కడ వరుస చెప్పింది జరగకపోవచ్చు.

చేసి చూద్దాం: 2-మిథైల్‌సైక్లోహెక్సనోన్

ముందు కాగితం మీద. కార్బొనైల్ కార్బన్ C1. ఒక పక్క C2, దానికి మిథైల్ తగిలి ఉంది, అంటే ద్వితీయ ఆల్కైల్. మరో పక్క C6, వట్టి CH2, అంటే ప్రాథమికం. వెళ్లేది C2. కాబట్టి ఆక్సిజన్ C1కీ C2కీ మధ్య దూరుతుంది. ఆరు సభ్యుల వలయం ఏడు సభ్యులది అవుతుంది. వచ్చేది 7-మిథైల్‌ఆక్సెపాన్-2-ఓన్, అంటే మిథైల్ ఆక్సిజన్ పక్క కార్బన్ మీద ఉన్న లాక్టోన్. మొదలుపెట్టిన కీటోన్ (R) రూపమైతే లాక్టోన్ కూడా (R)యే. C2 తన ముఖాన్ని తిప్పుకోకుండా, పట్టు పూర్తిగా వదలకుండా జరుగుతుంది కాబట్టి దాని త్రిమితీయ అమరిక చెదరదు.

ఇక బల్ల మీద. కీటోన్ 1.12 గ్రాములు తీసుకోండి, అంటే 10 మిల్లీమోల్. వాడేది మెటా-క్లోరోపెరాక్సీబెంజోయిక్ ఆమ్లం, అందరూ ఎంసీపీబీఏ అని పిలిచేది. ఇక్కడే మొదటి లెక్క తప్పుతుంది. సీసా మీద సాధారణంగా 77 శాతం వరకు అని ఉంటుంది. మిగతాది నీరు, మెటా-క్లోరోబెంజోయిక్ ఆమ్లం. శుద్ధమైన పొడి వేడికీ దెబ్బకూ పేలే స్వభావం ఉన్నది కాబట్టే అలా తడిగా అమ్ముతారు. దాన్ని ఆరబెట్టి ‘శుద్ధి’ చేయాలన్న ఉత్సాహం వద్దు. అణుభారం 172.6, మనకు 12 మిల్లీమోల్ కావాలి, అంటే 2.07 గ్రాములు. దాన్ని 0.77తో భాగిస్తే 2.7 గ్రాములు తూచాలి. ఈ భాగహారం మరిచిపోతే ఒకటికి తక్కువ పాళ్లే పడుతుంది, కీటోన్ కొంత మిగిలిపోతుంది, ఆ తర్వాత చర్యే పనిచేయలేదని నింద.

కీటోన్‌ను సుమారు 40 మిల్లీలీటర్ల డైక్లోరోమీథేన్‌లో కరిగించి, 1.7 గ్రాముల సోడియం బైకార్బనేట్ వేయండి. అది వెలువడే ఆమ్లాన్ని పట్టేస్తుంది, తయారైన లాక్టోన్‌ను కాపాడుతుంది. మంచు తొట్టెలో చల్లబరిచి, ఎంసీపీబీఏను కొద్దికొద్దిగా వేయండి. ఫ్యూమ్ హుడ్‌లో, అడ్డు తెర వెనక పని చేయండి. తర్వాత గది ఉష్ణోగ్రత దగ్గర రాత్రంతా కలుపుతూ ఉంచండి. మెటా-క్లోరోబెంజోయిక్ ఆమ్లం, దాని లవణం తెల్లటి ముద్దగా అడుగుకు చేరుతుంటే చర్య నడుస్తున్నట్టు. టీఎల్‌సీ పలకను అతినీలలోహిత దీపం కింద పెట్టి ఒకటే చుక్క చూసి సంబరపడకండి. ఈ కీటోన్ గానీ లాక్టోన్ గానీ ఆ వెలుగులో సరిగా కనపడవు, కనిపించేది క్లోరోబెంజోయిక్ ఆమ్లం. పర్మాంగనేట్ ద్రావణంలో ముంచితే అసలు సంగతి తెలుస్తుంది.

ముగించేటప్పుడు తొందర వద్దు. సోడియం సల్ఫైట్ ద్రావణం పోసి అరగంట కలపండి. పైపొర ఏదో, కింది పొర ఏదో చూసుకుని, డైక్లోరోమీథేన్ ఉన్న కింది పొర నుంచి ఒక చుక్కను తడిపిన స్టార్చ్–పొటాషియం అయొడైడ్ కాగితం మీద వేయండి. నీలినలుపు రంగు వస్తే పెరాక్సైడ్ ఇంకా ఉంది, మళ్లీ సల్ఫైట్. రంగు రాని వరకు ద్రావణిని ఆవిరి చేయకూడదు. ఖాళీ అవుతున్న ఫ్లాస్కులో పెరాక్సైడ్ చిక్కబడటం కన్నా ప్రమాదం ఈ పనిలో మరొకటి లేదు. ఆపైన బైకార్బనేట్‌తో కడగండి. కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది కాబట్టి వేరు చేసే గరాటు మూతను పదేపదే తెరిచి గాలి వదలాలి. ఆమ్లం ఇంకా పోలేదని విసిగి కాస్టిక్ సోడా పోశారో, లాక్టోన్ వలయం తెరుచుకుని సోడియం లవణంగా నీటిలోకి జారిపోతుంది. దిగుబడి ఎటు పోయిందో తర్వాత వెతుక్కోవాలి.

ఇప్పుడు మన అంచనా నిజమా అని చూడాలి. ద్రవ్యరాశి 112 నుంచి 128కి పెరిగితే ఆక్సిజన్ దూరిందని తెలుస్తుంది కానీ ఎటువైపు దూరిందో తెలియదు, రెండు లాక్టోన్‌లకూ 128యే. తేల్చేది ప్రోటాన్ ఎన్ఎంఆర్. 4.4 పీపీఎం దగ్గర ఒకే ఒక హైడ్రోజన్ చిందరవందరగా చీలి కనిపిస్తే అది O పక్కనున్న CH, మన జవాబు సరైంది. 4.2 ప్రాంతంలో రెండు హైడ్రోజన్‌లు కనిపిస్తే అది OCH2, అంటే ప్రాథమిక వైపు కదిలిన ఉత్పన్నం. ఆ రెండింటి వైశాల్యాలను పోల్చితే ఏది ఎంత ఉందో కూడా లెక్క తేలుతుంది.

అసిటోఫినోన్ లాంటి ఆరైల్ కీటోన్‌లతో ఇదే పని చాలా నెమ్మదిగా సాగుతుంది, ఒక రాత్రి చాలదు. అక్కడ ట్రైఫ్లోరోపెరాసిటిక్ ఆమ్లం వంటి బలమైనదాన్ని వాడతారు. అణువులో ద్విబంధం ఉంటే మరో చిక్కు. పెరాక్సీ ఆమ్లం సాధారణ ఆల్కీన్‌ను ఎపాక్సైడ్‌గా మార్చగలదు, చాలాసార్లు కీటోన్ కన్నా ముందే.

అమైడ్ దగ్గరికి వస్తే

హాఫ్‌మన్ చర్యలో వలస వెళ్లే చోటు నైట్రోజన్. ఊడిపోయే ముక్క బ్రోమైడ్. క్షారం NH2 నుంచి ఒక హైడ్రోజన్ తీస్తుంది, ఆ స్థానంలో బ్రోమిన్ చేరుతుంది. క్షారం రెండో హైడ్రోజన్ కూడా తీస్తుంది. బ్రోమైడ్ వెళ్లిపోతుండగా, కార్బొనైల్ మీదున్న ఒకే ఒక్క సమూహం నైట్రోజన్ మీదకు జరిగి ఐసోసయనేట్ అవుతుంది. నీరు దాన్ని కార్బామిక్ ఆమ్లంగా మారుస్తుంది, అది కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి అమీన్‌గా మిగులుతుంది. మొత్తం లెక్క ఇది:

```
C6H5CONH2 + Br2 + 4 NaOH → C6H5NH2 + 2 NaBr + Na2CO3 + 2 H2O
```

ఉత్పన్నం రాయడానికి దగ్గరి దారి: CONH2లోని CO ముక్కను చెరిపేసి, మిగిలిన రెండు కొసలను కలపండి. ద్రవ్యరాశి 28 తగ్గాలి. బెంజమైడ్ 121, అనిలిన్ 93. కార్బన్ ఒకటి తగ్గకపోతే మీరు రాసినది హాఫ్‌మన్ ఉత్పన్నం కాదు, బహుశా క్షయకరణ ఉత్పన్నం. బెంజైలమీన్ అని రాసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

మరి వలస సామర్థ్యానికి ఇక్కడ పనేమీ లేదా? ఉంది, కానీ ఏది వస్తుందో చెప్పడానికి కాదు, ఎంత వేగంగా వస్తుందో చెప్పడానికి. పారా-మీథాక్సీ ఉన్న వలయం త్వరగా జరుగుతుంది, పారా-నైట్రో ఉన్నది నెమ్మదిగా. వచ్చే అమీన్ మాత్రం రెండు సందర్భాల్లోనూ ముందే ఖరారు. త్రిమితీయ అమరిక ఇక్కడా చెదరదు: (S)-2-ఫినైల్‌ప్రొపనమైడ్ నుంచి (S)-1-ఫినైల్‌ఎథైలమీన్ వస్తుంది.

నైట్రోజన్ మీద రెండు హైడ్రోజన్‌లూ తీయాలి కాబట్టి CONH2 ఉన్న అమైడ్‌లే పనికొస్తాయి. N-మిథైల్‌బెంజమైడ్ ఇచ్చి హాఫ్‌మన్ ఉత్పన్నం అడిగితే ‘చర్య జరగదు’ అనేదే జవాబు. ఇలాంటి ప్రశ్నలు తయారుచేయడం పరీక్షలు పెట్టేవారికి మహా ఇష్టం.

బల్ల మీద దీని రహస్యమంతా రెండు ఉష్ణోగ్రతల్లో ఉంది. 12.1 గ్రాముల బెంజమైడ్‌కు (0.1 మోల్) 16 గ్రాముల బ్రోమిన్, 16 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ కావాలి, క్షారం కొద్దిగా ఎక్కువే ఉండనివ్వండి. బ్రోమిన్ చర్మాన్ని తీవ్రంగా కాలుస్తుంది. చేతికి తొడుగు, పక్కన సోడియం థయోసల్ఫేట్ ద్రావణం లేకుండా సీసా మూత తీయకండి. క్షార ద్రావణాన్ని 5 డిగ్రీల కన్నా తక్కువకు చల్లార్చి బ్రోమిన్‌ను చుక్కలు చుక్కలుగా పోస్తే ఎర్రటి రంగు పోయి లేత పసుపు హైపోబ్రోమైట్ ద్రావణం తయారవుతుంది. చల్లగా ఉండగానే అమైడ్ వేసి, పూర్తిగా కరిగేదాకా కలపండి. ఆ తర్వాతే 70 నుంచి 80 డిగ్రీలకు వేడి చేయాలి. చల్లని దశలో బ్రోమోఅమైడ్ తయారవుతుంది, వేడి దశలో సమూహం జరుగుతుంది. అమైడ్ కరగకముందే వేడి పెడితే కొంత అమైడ్ బ్రోమిన్‌ను అందుకోకుండా మిగులుతుంది. అది జలవిశ్లేషణ చెంది బెంజోయేట్‌గా మారవచ్చు, లేదా అప్పటికే పుట్టిన ఐసోసయనేట్‌తో కలిసి అసైల్ యూరియా కావచ్చు. అనిలిన్ నూనెలా తేలుతుంది, ఆవిరి స్వేదనంతో తీయవచ్చు.

ఏది తప్పిందో ఉత్పన్నమే చెబుతుంది. నీటిలో, ఆమ్లంలో కరగని తెల్లటి ఘనం మిగిలితే యూరియా వచ్చిందేమోనని అనుమానించాలి. పుట్టిన అమీన్ ఇంకా మిగిలున్న ఐసోసయనేట్‌ను పట్టుకున్నా అదే గతి. బ్రోమిన్ ఎక్కువ పోస్తే అనిలిన్ వలయం మీదే బ్రోమిన్ చేరవచ్చు. అమీన్ వచ్చిందో లేదో తేల్చుకోవాలంటే ఒక చుక్కను విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, 5 డిగ్రీల లోపు సోడియం నైట్రైట్ వేసి, క్షారంలో కరిగించిన బీటా-నాఫ్థాల్‌లో పోయండి. ఎర్రనారింజ రంగు భగ్గున వస్తే ఆరైల్ అమీన్ ఉన్నట్టే. పొడవాటి ఆల్కైల్ గొలుసున్న అమైడ్‌లు నీటిలో కరగవు కాబట్టి ఈ పద్ధతిలో నైట్రైల్, యూరియాలే ఎక్కువ వస్తాయి. వాటికి నీటిని వదిలేసి మిథనాల్‌లో సోడియం మిథాక్సైడ్, బ్రోమిన్ వాడండి. ఐసోసయనేట్‌ను మిథనాల్ పట్టుకుని మిథైల్ కార్బమేట్‌గా నిలబెడుతుంది, దాన్ని తర్వాత జలవిశ్లేషణ చేసుకోవచ్చు.

ఆక్సైమ్‌ను అమైడ్‌గా మార్చే బెక్‌మన్ చర్యలో మాత్రం అభ్యర్థులు ఇద్దరున్నా వలస వరుసను చూడకండి. OHకు ఎదురు దిక్కున ఉన్నదే కదులుతుంది.

ఒక మందు, అదే లెక్క

హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కర్మాగారాల్లో పనిచేసేవారికి గబాపెంటిన్ పేరు కొత్త కాదు. దాన్ని తయారుచేసే ఒక ప్రసిద్ధ మార్గంలో చివరి మలుపు హాఫ్‌మన్ చర్యే. సైక్లోహెక్సేన్ వలయంలో ఒకే కార్బన్ మీద రెండు చేతులుంటాయి: ఒకటి CH2COOH, రెండోది CH2CONH2. మొదటి అడుగు ప్రకారం లెక్కపెట్టండి. అమైడ్ కార్బొనైల్‌కు తగిలిన కార్బన్ సమూహం ఒక్కటే, ఆ CH2. ఆమ్లం చేయి క్షారంలో లవణంగా మారి ఈ ఆటకు దూరంగా ఉంటుంది. CO చెరిపేయండి: CH2NH2. ద్రవ్యరాశి 199 నుంచి 28 తగ్గి 171, గబాపెంటిన్. ఇక్కడ వలసకన్నా ఎక్కువ జాగ్రత్త ఆ తర్వాత కావాలి. కొత్తగా వచ్చిన NH2 పక్కనే COOH కాచుకుని ఉంటుంది. వేడి ఎక్కువైతే రెండూ కలిసి నీటిని వదిలి ఐదు సభ్యుల లాక్టమ్‌గా ముడిపడతాయి. ద్రవ్యరాశి వర్ణపటంలో 171కి చెందిన శిఖరంతో పాటు 153కి చెందినదీ కనిపిస్తే, ఆ ముడి పడిందని అర్థం.